పాత కాగితపు మ్యాపును జియోరెఫరెన్స్ చేయడం: పాయింట్లు ఎక్కడ పెట్టాలి, ట్రాన్స్‌ఫర్మేషన్ ఏది ఎంచుకోవాలి

స్కాన్ చేసిన పాత మ్యాపును భూమి మీద దాని అసలు చోటులో కూర్చోబెట్టడానికి QGIS లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నాలుగైదు చోట్ల కంట్రోల్ పాయింట్లు పెట్టగానే ట్రాన్స్‌ఫర్మేషన్ల జాబితా, అంటే స్కాన్‌లోని చోట్లను నేల మీది చోట్లకు మార్చే లెక్కల జాబితా ఎదురవుతుంది: `Linear`, `Helmert`, `Polynomial 1`, `Polynomial 2`, `Polynomial 3`, `Projective`, `Thin Plate Spline`. వీటిలో ఏది ఎంచుకోవాలో తెలియక చాలామంది ఒక్కొక్కటీ నొక్కి చూస్తారు. ఎర్రర్ దేనికి తక్కువ వస్తే దాన్ని ఉంచేస్తారు. మొదట్లో నేనూ అలాగే చేశాను. ఎర్రర్ సున్నా వచ్చిన మ్యాపులో ఊళ్లు వంద మీటర్లు పక్కకు జరిగి ఉండటం చూశాకే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఆలోచించడం మొదలుపెట్టాను.

ఈ పనిని ఒక షీటు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. ఒక అంగుళానికి ఒక మైలు లెక్కన, అంటే 1:63,360 స్కేలులో అచ్చైన పాత సర్వే షీటు అనుకోండి. సుమారు 20 డిగ్రీల అక్షాంశం దగ్గర, నిలువునా అడ్డంగా 15 నిమిషాల మేర నేలను చూపిస్తుంది. మ్యాపు భాగం దాదాపు పదహారుంపావు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల పైచిలుకు ఎత్తు ఉంటుంది.

స్కాన్ చేసేటప్పుడే చూసుకోవాల్సినవి

అంగుళానికి 400 చుక్కల చొప్పున స్కాన్ చేయండి. దీనికి కారణం ఉంది. ఒక అంగుళం ఒక మైలు కాబట్టి ఒక పిక్సెల్ మైలులో 400వ వంతు అవుతుంది, అంటే నేల మీద సుమారు 4 మీటర్లు. పాత షీట్లలో సన్నని గీత కూడా 0.2 మిల్లీమీటర్ల మందం దాకా ఉంటుంది. ఈ స్కేలులో అది నేల మీద 12 మీటర్ల పైమాటే. గీత మందంలో మూడు పిక్సెల్‌లు పడుతున్నాయి కనుక దాని నడిమధ్యను గుర్తించడానికి ఇది చాలు. 1200 చుక్కలతో స్కాన్ చేస్తే ఫైలు తొమ్మిది రెట్లు బరువెక్కుతుందే గానీ మ్యాపులో లేని వివరం పుట్టుకురాదు.

ఫైలును TIFF గా దాచండి. JPEG గా దాస్తే గీతల అంచుల్లో మసక చేరుతుంది. ఒకసారి పాయింట్లు పెట్టడం మొదలుపెట్టాక ఆ ఫైలును తిప్పడం, కత్తిరించడం, సైజు మార్చడం చేయకండి. పాయింట్లన్నీ పిక్సెల్ లెక్కల్లో నమోదవుతాయి కాబట్టి ఫైలు మారితే అవన్నీ తప్పుతాయి. కాగితం కాస్త వంకరగా స్కాన్ అయినా కంగారు లేదు, ఆ వంకరను ట్రాన్స్‌ఫర్మేషనే సరిచేస్తుంది.

మ్యాపును స్కానర్‌లో కాకుండా కెమెరాతో తీసి ఉంటే ఆ సంగతి రాసి పెట్టుకోండి. గుడ్డ మీద ముక్కలుగా అతికించిన షీటైతే ముక్కల మధ్య ఖాళీలు ఉన్నాయని కూడా రాసుకోండి. ట్రాన్స్‌ఫర్మేషన్ ఎంచుకునే దగ్గర ఈ రెండు విషయాలూ అవసరమవుతాయి.

మ్యాపు అంచు మీది అంకెలా, నేల మీది గుర్తులా?

కంట్రోల్ పాయింట్ అంటే ఒకే చోటుకు రెండు చిరునామాలు ఇవ్వడం. స్కాన్‌లో అది ఏ పిక్సెల్ దగ్గర ఉందో ఒకటి, భూమి మీద ఎక్కడ ఉందో రెండోది. ఆ రెండో చిరునామాను రెండు దారుల్లో తెచ్చుకోవచ్చు. అక్షాంశ రేఖాంశాల గీతలు కలిసే చోట మ్యాపు అంచున అచ్చైన అంకెను తీసుకోవడం మొదటి దారి. మ్యాపులోని రోడ్ల కూడలినో పాత వంతెననో ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో గుర్తుపట్టి, అక్కడి కోఆర్డినేట్ తీసుకోవడం రెండోది.

మొదటి దారి తేలిగ్గా కనిపిస్తుంది, కానీ అందులో మూడు గుంటలున్నాయి. అతి మామూలుగా జరిగే పొరపాటు అంకె టైపు చేయడంలోనే ఉంటుంది. 20 డిగ్రీల 15 నిమిషాలను 20.15 అని కొట్టేస్తారు. అది 20.25. నిమిషాలను 60తో భాగించాకే దశాంశం అవుతుంది. రెండోది రేఖాంశాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్నది. గ్రీనిచ్‌ను అందరికీ సున్నాగా తీసుకోవాలని వాషింగ్టన్ సమావేశం తీర్మానించింది 1884లో. అంతకు ముందు, కొన్ని చోట్ల ఆ తర్వాత కూడా, పారిస్ నుంచో మరో చోటి నుంచో లెక్కపెట్టిన మ్యాపులున్నాయి. పారిస్ రేఖ గ్రీనిచ్‌కు తూర్పున 2°20′14″ దగ్గర ఉంది. అది గమనించకపోతే మ్యాపు మరో ప్రాంతానికి వెళ్లి కూర్చుంటుంది.

ఈ రెండూ కంటికి కనబడే తప్పులే కాబట్టి త్వరగా దొరుకుతాయి. మూడోదైన డేటమ్ మాత్రం కనబడదు. పాత సర్వేలు భూమి ఆకారానికి వేరే కొలతలు తీసుకుని, వేరే మూలబిందువు నుంచి లెక్కలు కట్టాయి. అందుకే మ్యాపు మీది 20°15′, ఈనాటి జీపీఎస్ చూపించే 20°15′ ఒకే చోటు కావు. వాటి మధ్య తేడా కొన్ని వందల మీటర్ల దాకా ఉండవచ్చు. పాత అంకెలను టైపు చేసి, కోఆర్డినేట్ సిస్టమ్ దగ్గర ఈనాటి జీపీఎస్ వాడే `EPSG:4326` పెట్టేస్తే పాయింట్లన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కుదురుతాయి, ఎర్రర్ చాలా తక్కువ వస్తుంది, మ్యాపు మొత్తం మాత్రం ఒకే వైపుకు జరిగి ఉంటుంది. అందరూ కలిసి ఒకే తప్పు చెబితే వాళ్లలో వాళ్లకు తేడా రాదు కదా. మ్యాపు అంచు మీది అంకెలు వాడితే ఆ షీటు అసలు డేటమ్ పేరే కోఆర్డినేట్ సిస్టమ్‌గా ఇవ్వాలి. దాన్ని ఇప్పటి వ్యవస్థలోకి మార్చే పని ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

ఇంకో సంగతి ఉంది. డిగ్రీలను నేరుగా అడ్డం, నిలువు కొలతలుగా వాడితే షీటును నాలుగు మూలలూ సమంగా ఉన్న దీర్ఘచతురస్రంలోకి నెట్టినట్టు అవుతుంది. నిజానికి రేఖాంశాలు ధ్రువం వైపు దగ్గరవుతాయి. మన షీటు పై అంచు కింది అంచు కంటే 10 పిక్సెల్‌ల మేర సన్నగా ఉంటుంది, అంటే నేల మీద 40 మీటర్లు. ఈ తేడా కాగితం వల్ల వచ్చింది కాదు, స్కానర్ వల్ల వచ్చిందీ కాదు. అయినా ట్రాన్స్‌ఫర్మేషన్ దాన్ని మోయాల్సి వస్తుంది. అందుకే డిగ్రీల్లో కాకుండా మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లో పని చేయండి. మ్యాపు ఏ ప్రొజెక్షన్‌లో గీశారో తెలిస్తే అందులోనే చేయండి. తెలియకపోతే ఇంత చిన్న షీటుకు ఆ ప్రాంతపు UTM జోన్ సరిపోతుంది.

ఈ షీటుకు నేను రెండో దారినే ఎంచుకుంటాను. డేటమ్ గురించి నమ్మకంగా తెలియనప్పుడు, నేల మీది గుర్తులు ఇంకా మిగిలి ఉన్నప్పుడు అదే మేలు. ఎడారి, దట్టమైన అడవి, పూర్తిగా మారిపోయిన నగరం లాంటి చోట్ల పాత గుర్తులు దొరకవు. అప్పుడు మ్యాపు గీతల మీద ఆధారపడక తప్పదు.

పాయింట్లు పెట్టడం

మ్యాపు గీసినవాడు దేన్ని కొలిచి పెట్టాడు, దేన్ని అందంగా సర్దాడు అన్నది ఇక్కడ ఆలోచించాలి. పాత షీటులో రోడ్డును రెండు సమాంతర గీతలతో ఒక మిల్లీమీటరు మందంగా గీస్తే ఈ స్కేలులో అది 63 మీటర్ల వెడల్పు రోడ్డు అవుతుంది. నిజంగా అంత వెడల్పు ఉండదు. రోడ్డు గుర్తు లావెక్కిన కొద్దీ దాని పక్కనున్న ఇళ్లను, గుడిని, బావిని కాస్త బయటికి జరిపి గీయాల్సి వచ్చింది. కాబట్టి రెండు రోడ్ల కూడలి నడిమధ్య నమ్మదగింది, రోడ్డు పక్కనున్న కట్టడం గుర్తు అంత నమ్మదగింది కాదు. రోడ్డూ రైలు పట్టాలూ దాటుకునే చోటు మంచిది. పాత రాతి వంతెన, కోట మూల, కొండ మీద త్రిభుజంలో చుక్కతో గుర్తించిన సర్వే స్తంభం ఇంకా మంచివి. ఆ స్తంభాలను కొలిచాకే మిగిలిన మ్యాపు గీశారు.

నది ఒడ్డు, ఇసుక మేట, సముద్రతీరం, అడవి అంచు వద్దు, అవి కదులుతూనే ఉంటాయి. ఊరి పేరు రాసిన చోటు ఎలాగూ పనికిరాదు.

ఈ షీటుకు 18 పాయింట్లు వెతకండి. మ్యాపును మనసులో అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లుగా విడదీసుకుని ప్రతి గడిలో రెండేసి తీసుకుంటే సరిపోతుంది. పెద్ద ఊరి చుట్టూ పది దొరికాయి కదా అని అవన్నీ అక్కడే పెడితే, మ్యాపు అక్కడ చక్కగా కుదిరి అంచుల్లో తేలిపోతుంది. నాలుగు మూలల దగ్గరా ఒక్కో పాయింటైనా ఉండేలా కష్టపడండి. ఒకే రోడ్డు వెంట వరసగా పెట్టిన పాయింట్లు ఆ గీతకు అడ్డంగా ఏం జరుగుతోందో చెప్పలేవు.

పాయింట్ పెట్టేటప్పుడు స్కాన్‌ను పిక్సెల్‌లు గళ్లలా కనబడేంత పెద్దది చేసి, గీతల నడిమధ్య నొక్కండి. ప్రతి పాయింట్‌కూ ఒక వరుస వివరం రాసుకోండి: "వాయవ్యం, రైలు గేటు, పట్టాల మధ్య" అన్నట్టు. తర్వాత తేడా వచ్చినప్పుడు ఆ ఒక్క వరుస గంట సమయం మిగులుస్తుంది.

ఏ లెక్కా చూడకముందే 18లో ఆరింటిని పక్కన పెట్టేయండి. అవి షీటంతా చెదిరి ఉండాలి. ట్రాన్స్‌ఫర్మేషన్ లెక్కలోకి వాటిని రానివ్వకండి. అవి పరీక్ష పాయింట్లు. మిగిలిన 12 కంట్రోల్ పాయింట్లు. ఎర్రర్ ఎక్కువ వచ్చిందని తర్వాత ఒక జట్టులోని పాయింట్‌ను మరో జట్టులోకి మార్చకండి. అలా మారిస్తే పరీక్ష పేపరును ముందే చూసినట్టే.

మొదటి లెక్క, మొదటి తప్పు

తప్పు పాయింట్లను పట్టుకోవడానికి `Polynomial 1` తో మొదలుపెట్టండి. దీన్నే ఎఫైన్ అంటారు. ఇది మ్యాపును జరుపుతుంది, తిప్పుతుంది, అడ్డంగా ఒక కొలతలో నిలువుగా మరో కొలతలో సాగదీస్తుంది, కాస్త పక్కకు వాల్చుతుంది. తిన్నని గీతను తిన్నగానే ఉంచుతుంది.

లెక్క కాగానే ప్రతి పాయింట్‌కూ రెసిడ్యువల్ వస్తుంది. ట్రాన్స్‌ఫర్మేషన్ ఆ పాయింట్‌ను ఎక్కడికి చేర్చింది, మీరు అది ఎక్కడ ఉందన్నారు, ఈ రెండింటి మధ్య దూరమే అది. వీటిని వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే వచ్చేదే ఆర్‌ఎంఎస్ ఎర్రర్. కొన్ని సాఫ్ట్‌వేర్లు పాయింట్ల సంఖ్యతో కాకుండా మిగులు పాయింట్ల సంఖ్యతో భాగిస్తాయి. అందుకని రెండు సాఫ్ట్‌వేర్ల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మన షీటులో 12 పాయింట్లకూ కలిపి 6.0 పిక్సెల్‌లు వచ్చిందనుకుందాం. జాబితా చూస్తే పదకొండు పాయింట్లు ఐదు లోపే ఉన్నాయి, ఒక్క వంతెన మాత్రం 17 చూపిస్తోంది. దాన్ని చెరిపేయాలని చెయ్యి లాగుతుంది, కానీ ముందు దాన్ని లెక్క నుంచి తాత్కాలికంగా తీసి చూడండి. తీసేశాక ఆ వంతెన తేడా 17 నుంచి 22 పిక్సెల్‌లకు, అంటే దాదాపు 90 మీటర్లకు పెరిగింది. లెక్కలో ఉన్నంతసేపూ అది మ్యాపును కొంత తనవైపు లాక్కుంది, అందుకే తన తేడా తక్కువగా చూపించింది. మూలన ఒంటరిగా ఉన్న పాయింట్ ఇంకా గట్టిగా లాగుతుంది. మూల పాయింట్‌కు తక్కువ రెసిడ్యువల్ వచ్చిందని అది మంచిదని నమ్మేయలేం.

ఉపగ్రహ చిత్రాన్ని ఆ వంతెన దగ్గర పెద్దది చేసి చూస్తే ఎగువన 90 మీటర్ల దూరంలో నీటిలో పాత స్తంభాల మొండాలు కనిపించాయి. నేను నొక్కింది తర్వాత కట్టిన వంతెన మీద. పాయింట్‌ను పాత స్తంభాల వరస మీదికి మార్చగానే తేడా మూడు పిక్సెల్‌లకు దిగింది, మొత్తం ఎర్రర్ 2.9 అయింది. ఎక్కువ తేడా చూపే పాయింట్‌ను తీసేసే ముందు దానికి కారణం వెతకాలి. కారణం దొరికితే సరిచేయాలి, లేదా తీసేయాలి. కారణం దొరకని తేడాను ఉంచేయడమే న్యాయం, అది ఆ మ్యాపులో నిజంగా ఉన్న పొరపాటు కావచ్చు. రెండు పాయింట్లు ఎక్కువ తేడా చూపిస్తే పెద్దదాన్ని మాత్రమే చూసి మళ్లీ లెక్క కట్టండి. రెండోది చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

బాణాల దిశ చూడండి

అంకె ఒక్కటే చాలదు. మ్యాపు చూపిన చోటు నుంచి అసలు చోటుకు బాణాలు గీసినట్టు ఊహించుకోండి, లేదా సాఫ్ట్‌వేర్ గీసే ఎర్ర గీతలు చూడండి. ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ కావాలో ఆ బాణాలు చాలావరకు చెప్పేస్తాయి.

ఇదే షీటును `Helmert` తో లెక్కకట్టి చూద్దాం. ఇది ఎఫైన్ కంటే కట్టుదిట్టమైనది. జరపడం, తిప్పడం, అన్ని వైపులా ఒకే కొలతలో పెంచడం లేదా తగ్గించడం తప్ప మరేమీ చేయదు. ఎర్రర్ 6.6 వచ్చింది. తూర్పు అంచున బాణాలు తూర్పుకు, పడమటి అంచున పడమటికి చూస్తున్నాయి. ఉత్తర, దక్షిణ అంచుల్లో మాత్రం లోపలికి చూస్తున్నాయి. అంటే కాగితం అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోయింది. కాగితానికి నారపోగుల దిశ ఉంటుంది. తేమకు పొంగి, ఆరాక ముడుచుకోవడం ఆ దిశకు అడ్డంగా ఎక్కువ, దాని వెంబడి తక్కువ. మన షీటులో ఆ తేడా 0.4 శాతం. వినడానికి చిన్నదే గానీ 6,500 పిక్సెల్‌ల వెడల్పు మీద అది 26 పిక్సెల్‌లు, నేల మీద వంద మీటర్ల పైన. అడ్డానికీ నిలువుకీ వేరువేరు కొలత కావాలి కాబట్టి ఇది ఎఫైన్ పని. కాగితం లాగే రోలర్ స్కానర్ కూడా ఒక దిశలో ఇలాగే సాగదీయగలదు.

బాణాలు వేరేలా ఉంటే కారణం కూడా వేరే. ఒక అంచున బాణాలు బయటికి, దానికి ఎదురు అంచున లోపలికి చూస్తూ మ్యాపును ట్రెపీజియం ఆకారంలో లాగుతుంటే కెమెరా వాలి ఉందన్నమాట. అప్పుడు `Projective` వాడాలి. ఇదే ఆకారం డిగ్రీల్లో పని చేసినప్పుడు కూడా వస్తుందని పైన చూశాం. కెమెరా లేని చోట ఈ ఆకారం కనబడితే ట్రాన్స్‌ఫర్మేషన్ మార్చకుండా కోఆర్డినేట్ సిస్టమ్ మార్చండి.

పుస్తకంలో కుట్టిన మ్యాపు మధ్య మడత దగ్గర పైకి లేచినప్పుడు, లేదా పెద్ద ప్రాంతపు మ్యాపును తప్పు ప్రొజెక్షన్‌లోకి నెట్టినప్పుడు బాణాలు షీటంతా మెల్లగా వంగుతూ విల్లులా కనబడతాయి. అప్పుడు `Polynomial 2` కు అర్థం ఉంది. ఒక గీతకు ఇవతల బాణాలన్నీ ఒక వైపు, అవతల ఒక్కసారిగా మరో వైపు తిరిగితే అది మడతో, గుడ్డ మీద అతికించిన ముక్కల మధ్య ఖాళీయో. ఏ వంపు లెక్కా ఆ తెగిన గీతను సరిచేయలేదు. స్కాన్‌ను ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను విడిగా ఎఫైన్‌తో చేయడమే దారి. పని ఎక్కువైనా ఫలితం శుభ్రంగా ఉంటుంది.

బాణాలు ఏ వరసా లేకుండా తలోవైపు చూస్తే ఆ మ్యాపు ఇంతకంటే బాగా కుదరదని అర్థం. ఎఫైన్ తర్వాత మన షీటు బాణాలు అలాగే ఉన్నాయి. 2.9 పిక్సెల్‌లంటే 12 మీటర్లు, కాగితం మీద 0.18 మిల్లీమీటర్లు, అంటే గీత మందం కంటే తక్కువే.

మరి ఎర్రర్ ఇంకా తగ్గించవచ్చు కదా?

12 పాయింట్లు ఒక్కోటి రెండేసి అంకెలు ఇస్తాయి, మొత్తం 24. ఎఫైన్ తన ఆకారం కోసం అందులో 6 వాడుకుంటుంది. మిగిలిన 18 అది సరిగా ఉందో లేదో చెప్పే సాక్షులు. `Polynomial 2` 12 వాడుకుంటుంది, `Polynomial 3` ఏకంగా 20. అక్కడ మిగిలే సాక్షులు నలుగురే. `Thin Plate Spline` ప్రతి పాయింట్ మీదుగా మ్యాపును రబ్బరులా లాగుతుంది కాబట్టి సాక్షి ఒక్కరూ మిగలరు. తేడా ఎప్పుడూ సున్నాయే, మీరు పొరపాటున 90 మీటర్ల అవతల నొక్కినా సరే. సాక్షులు తగ్గిన కొద్దీ ఎర్రర్ తగ్గుతుంది, మ్యాపు బాగుపడటం వల్ల కాదు.

అందుకే ఆరు పరీక్ష పాయింట్లు పక్కన పెట్టాం. 12 కంట్రోల్ పాయింట్లతో సహా దాచిన ఫైలుకు పిక్సెల్ స్థానం ఇస్తే GDAL అనే కమాండ్‌లైన్ సాధనం దాని నేల చిరునామా చెబుతుంది:

```
echo "3412 2875" | gdaltransform -order 1 sheet_gcp.tif
```

`-order 1` ఎఫైన్. `2`, `3` పెడితే పై మెట్లు, `-tps` పెడితే థిన్ ప్లేట్ స్ప్లైన్. మొదటి అంకె ఎడమ నుంచి, రెండోది పై నుంచి. వచ్చిన జవాబును అసలు కోఆర్డినేట్‌తో పోల్చి, మీటర్ల తేడాను 4తో భాగిస్తే పిక్సెల్‌లు వస్తాయి. మన షీటుకు అన్నీ కట్టి చూస్తే ఇలా ఉంది, అంకెలన్నీ పిక్సెల్‌లలో:

| ట్రాన్స్‌ఫర్మేషన్ | కనీసం కావాల్సిన పాయింట్లు | 12 కంట్రోల్ పాయింట్ల ఎర్రర్ | 6 పరీక్ష పాయింట్ల ఎర్రర్ |
|---|---|---|---|
| `Helmert` | 2 | 6.6 | 7.1 |
| `Polynomial 1` | 3 | 2.9 | 3.7 |
| `Polynomial 2` | 6 | 2.4 | 4.3 |
| `Polynomial 3` | 10 | 1.4 | 11 |
| `Thin Plate Spline` | – | 0 | 4.8 |

మూడో నిలువు వరస కిందికి దిగుతూనే ఉంది. నాలుగోది ఎఫైన్ దగ్గర అడుగు తాకి మళ్లీ పైకి లేచింది. నమ్మాల్సింది నాలుగోదాన్ని. `Polynomial 3` పాయింట్ల మీద చక్కగా కూర్చుని, పాయింట్ల మధ్యలోనూ మూలల్లోనూ ఎగిరిపోయింది. పాలినోమియల్ మెట్టు పెరిగిన కొద్దీ చివరి పాయింట్ దాటాక మ్యాపు అంచు వింతగా వంగుతుంది. ఫలితాన్ని తెరిచి మ్యాపు చుట్టూ గీసిన చట్రం చూడండి. తిన్నగా ఉండాల్సిన గీత వంకర తిరిగి ఉంటే ఆ మెట్టు ఈ షీటుకు ఎక్కువైనట్టే.

`Thin Plate Spline` ను చెడ్డదనడం లేదు. సర్వే లేకుండా కంటి అంచనాతో గీసిన మ్యాపులో ఒక్కో ప్రాంతం ఒక్కోలా సాగి ఉంటుంది, దానికి ఒకే సూత్రం అంటూ ఉండదు. అక్కడ నలభై యాభై పాయింట్లు పెట్టి స్ప్లైన్ వాడటం సబబే. అయితే దాని సున్నా మీద ఆధారపడకండి. ఒక్కో పాయింట్‌ను తీసి, మిగతావాటితో లెక్కకట్టి, తీసిన పాయింట్ ఎంత దూరంలో పడిందో చూస్తూ పోండి. మిగతా అన్నిటికంటే దూరం పడిన పాయింట్‌ను మళ్లీ పరీక్షించండి.

పరీక్ష పాయింట్ల బాణాలన్నీ ఒకే దిశలో, ఒకే పొడవుతో ఉంటే అది ట్రాన్స్‌ఫర్మేషన్ సమస్య కాదు. డేటమ్ తప్పిందని దాని అర్థం. మ్యాపు గీతలను కంట్రోల్ పాయింట్లుగా వాడేవాళ్లు నేల మీది గుర్తులను పరీక్షకు ఉంచుకుంటేనే ఈ తప్పు బయటపడుతుంది.

మ్యాపును మలచడం

ట్రాన్స్‌ఫర్మేషన్ తేలాక మిగిలింది తేలిక:

```
gdalwarp -order 1 -r cubic -tr 4 4 -dstalpha \
  -co COMPRESS=DEFLATE sheet_gcp.tif sheet_out.tif
```

`-tr 4 4` అంటే ఒక్కో పిక్సెల్ 4 మీటర్లు, స్కాన్‌లో ఉన్నంతే. `-r cubic` గీతలనూ అక్షరాలనూ నునుపుగా ఉంచుతుంది. రంగుల ఆధారంగా అడవి, సాగుభూమి లాంటివి లెక్కించాలంటే `-r near` పెట్టండి. అప్పుడు కొత్త రంగులు పుట్టవు, గీతలు మాత్రం కాస్త మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. `-dstalpha` షీటు తిరిగినప్పుడు చుట్టూ వచ్చే నల్లటి మూలలను పారదర్శకం చేస్తుంది. QGIS లో చేసేవాళ్లకు ఇవే ఎంపికలు సెట్టింగుల విండోలో ఉంటాయి.

వచ్చిన ఫైలును ఉపగ్రహ చిత్రం మీద సగం పారదర్శకంగా వేసి, మీరు పాయింట్లు పెట్టని రోడ్ల వెంట నెమ్మదిగా నడిచి చూడండి. పాయింట్ల దగ్గర కుదరడం మామూలే, వాటికి దూరంగా ఏం జరుగుతోందన్నదే చూడాలి.

పాయింట్లు నమోదైన `.points` ఫైలును, అసలు స్కాన్‌ను, ప్రతి పాయింట్ వివరాన్ని, ఎంచుకున్న ట్రాన్స్‌ఫర్మేషన్‌ను, పరీక్ష ఎర్రర్‌ను ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. ఈ షీటు పక్కన రాయాల్సిన అంకె 2.9 పిక్సెల్‌లు కాదు, 3.7 పిక్సెల్‌లు, అంటే 15 మీటర్లు. ఒక్కో చోట తేడా దానికి రెట్టింపు కూడా ఉండవచ్చు. ఈ మ్యాపు మీద పాత నది ఇప్పటి నదికి 200 మీటర్ల దూరంలో కనిపిస్తే నది కదిలిందని చెప్పవచ్చు. పాత సరిహద్దు గీత ఇప్పటి కంచెకు 20 మీటర్ల దూరంలో కనిపిస్తే మాత్రం, ఆ రెండూ వేరని ఈ మ్యాపు చెప్పలేదు.